పరీక్ష రోజు పొద్దున: ఖాళీ కడుపా, తేలికపాటి తిండా?

పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్ళే రోజు ఏమీ తినకుండా వెళ్తే మేలా, కాస్త తిని వెళ్తే మేలా అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. అందరి భయం ఒక్కటే, లోపల కూర్చున్నాక కడుపులో మెలిపెట్టి బాత్రూమ్‌కి పరుగెత్తాల్సి వస్తుందేమోనని. నేను తినమనే అంటాను. అయితే పెందలాడే తినాలి.

ఖాళీ కడుపు మేలనేవాళ్ళ లెక్క సులువే. లోపల ఏమీ లేకపోతే బయటికి వచ్చేదేముంటుంది? కానీ టెన్షన్‌లో తొందరపెట్టేది పొట్టలో ఉన్న తిండి కాదు, పెద్దపేగులో ఉన్నది. అది నిన్నటిది, ఒక్కోసారి మొన్నటిది. తిన్నది పేగుల దారంతా దాటి బయటపడడానికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది. పొద్దున ఒక పూట మానేసినంత మాత్రాన పెద్దపేగు ఖాళీ కాదు.

పైగా భయం వేసినప్పుడు మెదడు పంపే సంకేతాలకు పొట్ట ఒకలా, పెద్దపేగు ఇంకోలా స్పందిస్తాయి. పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, పెద్దపేగు కదలికలు పెరుగుతాయి. అందుకే ఒకే మనిషికి పైన వికారం, కింద తొందర రెండూ కలిసి వస్తాయి.

నా దృష్టిలో తేల్చేది ఏం తిన్నామన్నది కాదు, ఎప్పుడు తిన్నామన్నది. పొట్టలో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంటలోపు చాలామందికి బాత్రూమ్‌కి వెళ్ళాలనిపించేది ఇందుకే, పొద్దున పూట ఇది ఇంకా బలంగా ఉంటుంది. ఈ పని ఇంట్లోనే జరిగిపోతే హాల్లో సగం భయం పోతుంది. ఇంటి నుంచి బయల్దేరే ముందు హడావిడిగా తింటే అదే కదలిక దారిలో మొదలవుతుంది.

మా మేనకోడలికి మొదటి ఇంటర్వ్యూ పది గంటలకు. భయపడి ఏమీ తినలేదు, తొమ్మిదింబావుకి మాత్రం ఒక కప్పు కాఫీ తాగింది. కాఫీ కూడా చాలామందిలో పెద్దపేగును కదిలిస్తుంది, అదీ త్వరగానే. పది నిమిషాల తక్కువ పదికి తనకి కడుపులో మెలి మొదలైంది. రెండోసారి ఆరింటికే లేచింది. ఏడింటికి రెండు బ్రెడ్ ముక్కలు, ఒక అరటిపండు తిని, రోజూ తాగే కాఫీ అప్పుడే తాగేసింది. ఏడున్నరకి ఒకసారి, ఎనిమిదింటికి ఇంకోసారి బాత్రూమ్‌కి వెళ్ళింది. ఎనిమిదిన్నర తర్వాత గుక్కెడు గుక్కెడు నీళ్ళు తప్ప ఇంకేమీ తీసుకోలేదు. టెన్షన్ ఉంది కానీ కుర్చీలోంచి లేవాల్సిన అవసరం రాలేదు.

చాలామందికి రెండున్నర, మూడు గంటల ముందు తినడం సరిపోతుంది. నూనె, కారం తక్కువగా, అలవాటైనదే తినండి. కొవ్వు ఎక్కువైతే, ముందే నెమ్మదించిన పొట్టలో అది ఇంకా ఆలస్యంగా కదులుతుంది. ముందు ఒక మామూలు రోజున ఇదే టైముకు లేచి, తిని చూసుకోండి. మీ పేగు ఎంతసేపటికి కదులుతుందో తెలిసిపోతుంది.

తొందర కాకుండా వాంతి వచ్చేలా ఉండడమే మీ సమస్య అయితే ఖాళీ కడుపు వాదనలో కొంత నిజముంది. అప్పుడు బలవంతంగా తినకండి. అరటిపండులో సగం, లేదా పలచని గంజి కొద్దికొద్దిగా తీసుకుంటే చాలు.

గది బయట ఎదురుచూసే చివరి పది నిమిషాల్లో పనికొచ్చేది ఊపిరి. ఇక్కడ చాలామంది చేసే తప్పు గబగబా పెద్ద పెద్ద ఊపిరులు తీయడం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, పెదాల చుట్టూ, వేళ్ళ చివర్లలో చిమచిమలాడుతుంది. గాలి కూడా మింగేస్తే పొట్ట ఉబ్బుతుంది. బదులుగా ముక్కుతో నాలుగు సెకన్లు తీసుకుని, ఆరు సెకన్లు వదలండి. నిమిషానికి ఆరు ఊపిరులు అవుతాయి. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. చెయ్యి బొడ్డు మీద పెడితే అది లేచి పడాలి. ఛాతీ మాత్రమే లేస్తుంటే ఊపిరి పైపైనే ఉన్నట్టు. తల తేలిపోతుంటే మరీ ఎక్కువ గాలి పీలుస్తున్నారని అర్థం, తగ్గించండి.

చూయింగ్ గమ్ వద్దు, గాలి మింగిస్తుంది. విరేచనాలు ఆపే మాత్ర డాక్టర్‌ని అడగకుండా, అదీ మొదటిసారి పరీక్ష రోజే వేసుకోవద్దు.

పరీక్ష అయిపోయిన వారాల తర్వాత కూడా ఇదే బాధ ఉన్నా, మలంలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా, విరేచనాలతో రాత్రి నిద్రలోంచి లేవాల్సి వస్తున్నా అది టెన్షన్ అనుకుని వదిలేయకండి. డాక్టర్‌కి చూపించండి.