స్నోవైట్ కథలో విలన్ కన్నతల్లా, సవతితల్లా? పిల్లలకి ఏది చెప్పడం మేలు?

జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేయించిన కథల పుస్తకం మొదటి కూర్పులో స్నోవైట్‌ని చంపించబోయింది సవతితల్లి కాదు, కన్నతల్లే. మంచులా తెల్లటి బిడ్డ కావాలని కోరి మరీ కన్నది ఆవిడే. పిల్లకి ఏడేళ్లు వచ్చేసరికి, నీకంటే నీ కూతురే అందగత్తె అని అద్దం చెప్పింది. వెంటనే వేటగాణ్ణి పిలిచి, దీన్ని అడవిలో చంపి ఊపిరితిత్తులు, కాలేయం తెమ్మంది. వాడు జాలిపడి పిల్లని వదిలేసి, అడవిపంది పిల్లవి తెచ్చిచ్చాడు. అవి కూతురివే అనుకుని ఉప్పేసి వండించుకు తినేసింది.

1819 నాటి రెండో కూర్పులో కన్నతల్లి పురిట్లోనే పోతుంది. ఏడాదికి రాజు మళ్లీ పెళ్లాడతాడు. పాపమంతా ఆ కొత్త రాణి నెత్తిన పడింది. ఆ కూర అలాగే ఉంది, ఆఖర్న రాణికి కాల్చిన ఇనుప చెప్పులు తొడిగి చచ్చేదాకా ఆడించే శిక్షా అలాగే ఉంది. హాన్సెల్, గ్రెటెల్ కథలో పిల్లల్ని అడవిలో వదిలేద్దామన్న తల్లి కూడా 1840 కూర్పుకి సవతితల్లయిపోయింది. పుస్తకం పిల్లల చేతుల్లోకి వెళ్తున్నకొద్దీ కన్నతల్లి పేరు చెడకూడదనుకున్నారు.

అలాగని సవతితల్లి మీద అనుమానం వాళ్లు గాల్లోంచి పుట్టించలేదు. పురిట్లో ఆడవాళ్లు పోవడం, మగవాడు మళ్లీ పెళ్లాడటం ఆ రోజుల్లో మామూలే. ఆస్తి ఎవరి పిల్లలకన్న పేచీ ఆ వెనకే వచ్చేది. మన ధ్రువుడి కథలో సురుచి గొడవా సింహాసనం గురించే. మా శ్రీకాకుళం వైపు చనిపోయిన ఆవిడ చెల్లెల్నే ఇచ్చి చేసేవారంటే, పిల్లల మీద ప్రేమతో పాటు ఈ లెక్కా ఉండేది.

1937 నాటి డిస్నీ సినిమాలో కూర లేదు, ఇనుప చెప్పులు లేవు. గుండె పెట్టిన పెట్టె ఒకటి చూపిస్తారు, రాణి కొండ మీంచి పడిపోతుంది. నెత్తురు తగ్గించారు గానీ సవతితల్లి మీద నింద మాత్రం అలాగే ఉంచేశారు.

రాజాంలో రెండో పెళ్లి మీద వచ్చిన ఒకామె నన్నడిగింది: "మేష్టారూ, ఈ కథ చెప్తుంటే పిల్ల నా మొహంకేసి చూస్తాది. ఏం చెయ్యను?"

"తల్లి, సవతితల్లి అనీకమ్మా. రాణి అని చెప్పు, చాలు" అన్నాను.

అయిదారేళ్ల పిల్లలకయితే నా ఓటు అలాంటి చెప్పడానికే, కూర సంగతి ఎత్తకుండా. పదేళ్లు దాటాక 1812 నాటిది చదివించొచ్చు. అసూయ ఏ వరసవాళ్లకైనా పుడుతుందని అదొక్కటే చెప్తుంది. మూడింటిలో నాకు తక్కువ నచ్చేది 1819 నాటిదే: క్రూరత్వం ఏమీ తగ్గించకుండా దోషిని మాత్రం మార్చింది.

హాన్సెల్ కథ చెప్పేటప్పుడు ఇంకో సంగతి చూడండి. పిల్లల్ని అడవిలో వదలడానికి తండ్రీ ఒప్పుకున్నాడు. తల్లి సవతితల్లయినా, ఆఖర్న పిల్లలు ముత్యాలూ రత్నాలూ తెచ్చి పోసేది ఆయన ముందే.