మోనోగ్రామ్ చేయించేవారికి హెచ్చరిక: మీ ఇంటిపేరు అక్షరం మధ్యలోకి వెళ్తుంది

పుట్టిన బిడ్డకు పేరు ఖాయం చేసి, ఆ పేరు పొడి అక్షరాలతో అలంకరించిన గుర్తును, అంటే మోనోగ్రామ్‌ను, దుప్పటి మీదో వెండి గిన్నె మీదో వేయించాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. మాకు జరిగింది మరో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది. ఆమె కొడుకు బారసాలకు మా అమ్మానాన్నల తరఫున వెండి ఉగ్గుగిన్నె, చెంచా, మెత్తటి దుప్పటి, తువ్వాళ్లు కలిపి ఒక సెట్టును ఆన్‌లైన్‌లో కానుకలు అమ్మే ఒక దుకాణంలో ఆర్డర్ ఇచ్చాం. దుకాణం పేరు ఇక్కడ చెప్పను. బాబు పేరు కూడా చెప్పను, అక్షరాలు చెబితే చాలు. ఇంగ్లీషులో మొదటి పేరు డి, రెండో పేరు ఇ, ఇంటిపేరు ఐ. ఆర్డర్ పత్రంలో మూడు గళ్లు ఉన్నాయి: మొదటి పేరు, మధ్య పేరు, ఇంటిపేరు. ఏ గడిలో ఏ అక్షరం రాయాలో అదే రాశాం. వస్తువు మీద డి, ఇ, ఐ అని వరుసగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. వచ్చిన గిన్నె మీద మాత్రం నడుమ పెద్ద ఐ, దానికి ఎడమన చిన్న డి, కుడిన చిన్న ఇ ఉన్నాయి. ఆ వరుసలో చదివితే ఇంగ్లీషులో ‘డై’, అంటే చచ్చిపో అని. నెలల బిడ్డ దుప్పటి మీద, పాలు పట్టే గిన్నె మీద అదే మాట. చెల్లెలు ఫోనులో ఏడ్చింది. అమ్మ ఆ ఫొటో రెండోసారి చూడలేదు.

దుకాణాన్ని అడిగితే, మోనోగ్రామ్ అంటే పద్ధతే అది అన్నారు. ఆ మాట నిజమే. పాశ్చాత్య దేశాల సంప్రదాయ మోనోగ్రామ్‌లో మూడు అక్షరాలు ఉంటే ఇంటిపేరు అక్షరాన్ని పెద్దది చేసి నడుమ పెడతారు, మొదటి పేరు ఎడమకు, మధ్య పేరు కుడికి వస్తాయి. అక్షరాలన్నీ ఒకే పరిమాణంలో ఉంటే మాత్రం మొదటి పేరు, మధ్య పేరు, ఇంటిపేరు అన్న వరుసలోనే ఉంచుతారు. పద్ధతి ఎంత పాతదైనా, కొనేవారికి ఆ సంగతి చెప్పకపోవడం, కుట్టబోయే నమూనా చూపకపోవడం తప్పే. మనకైతే చెప్పడం మరీ అవసరం, ఎందుకంటే మన అలవాటులో ఇంటిపేరు మొదట వస్తుంది. పి.వి. నరసింహారావు అన్నప్పుడు పి అంటే పాములపర్తి. కాబట్టి తెలుగు బిడ్డ పేరుకు ఇంగ్లీషులో ఒకటి కాదు, మూడు వరుసలు ఉంటాయి: ఇంటిపేరు ముందున్న మన వరుస, ఇంటిపేరు చివరనున్న విదేశీ వరుస, ఇంటిపేరు నడుమనున్న మోనోగ్రామ్ వరుస. మా బాబుకు మొదటిది ఐ డి ఇ, రెండోది డి ఇ ఐ. ఆ రెండింటిలోనూ చెడ్డ మాట లేదు. మూడోదే ముంచింది.

పేరు పెట్టేటప్పుడు ఎవరైనా రెండో వరుస వరకే చూసి ఊరుకుంటారు. ఎక్కడ ప్రమాదం ఉందో తెలుసుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. ఇంగ్లీషులో మూడక్షరాల మాటలు చాలావరకు నడుమ ఒక అచ్చుతో ఏర్పడతాయి. అంటే ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అయిదు అక్షరాల్లో ఏది నడుమకు వస్తోందో చూస్తే చాలు. అక్షరాలు వరుసగా ఉన్నప్పుడు నడుమ ఉండేది రెండో పేరు. ఉదాహరణకు రెండో పేరు ఆదిత్య, ఇంటిపేరు దాసరి అనుకోండి. మొదటి పేరు భార్గవ్ అయితే బి ఎ డి, అంటే ‘బ్యాడ్’, చెడ్డ. మనీష్ అయితే ‘మ్యాడ్’, పిచ్చి. సాత్విక్ అయితే ‘శాడ్’, దిగులు. ఇంటిపేరు గద్దె, పేరు ప్రణవ్ ఇంద్ర అయితే పి ఐ జి, ‘పిగ్’, పంది. ఇవే పేర్లను మోనోగ్రామ్‌గా కుట్టిస్తే బి డి ఎ, పి జి ఐ అయిపోయి ఏ బాధా ఉండదు.

ఇంటిపేరు నడుమకు వచ్చినప్పుడు లెక్క తిరగబడుతుంది. అల్లూరి, అట్లూరి, అడుసుమిల్లి, ఇనుగంటి, ఉప్పలపాటి వంటి ఇంటిపేర్లవారే అప్పుడు జాగ్రత్త పడాలి. భార్గవ్ మణి ఉప్పలపాటి అన్న పేరు వరుసగా రాస్తే బి ఎం యు, దానికి అర్థమేమీ లేదు. మోనోగ్రామ్‌లో అదే బి యు ఎం, ‘బమ్’. అమెరికాలో పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి, ఇంగ్లండులో పిర్రలను ఆ మాటతో అంటారు. బడికి తీసుకెళ్లే సంచి మీద ఆ మాట ఉంటే తోటి పిల్లలు ఊరుకోరు.

అచ్చుల కిటుకుకు అందనివి కొన్ని ఉన్నాయి. వాటిలో మన ఇళ్లకు బాగా దగ్గరగా ఉండేది ‘శ్రీ’ వల్ల వచ్చేది. ఆడపిల్లలకు ఆద్య శ్రీ, అన్వి శ్రీ అని రెండు మాటలుగా పేర్లు పెట్టడం ఇప్పుడు ఎంతో మామూలు. ఇంటిపేరు సుంకర, సూరపనేని వంటిదైతే ఎ ఎస్ ఎస్ అవుతుంది. ఇంగ్లీషులో అది గాడిద, అమెరికాలో అంతకంటే మోటు మాట. రెండు ఎస్‌లు ఉన్నందువల్ల మోనోగ్రామ్ వరుసలో కూడా అదే నిలుస్తుంది. మన వరుసలో రాసినప్పుడు ఎస్ ఎ ఎస్ కాబట్టి ఇక్కడి పెద్దవాళ్లకు అది ఎన్నడూ కనబడదు.

ఇంకొకటి మూడు కె అక్షరాలు. మనలో కె తో మొదలయ్యే ఇంటిపేర్లు కోకొల్లలు. కార్తీక్ కృష్ణ అని ముచ్చటగా పెట్టుకున్న పేరు చివర కొండపల్లి చేరితే మూడు వరుసల్లోనూ కె కె కె యే. అమెరికాలో ఆ మూడక్షరాలు నల్లజాతివారిని వేటాడి చంపిన కూ క్లక్స్ క్లాన్ సంస్థ గుర్తు. అక్కడ బిడ్డ చొక్కా మీద అవి కుట్టిస్తే చూసినవారు నవ్వి వదిలేయరు, భయపడతారు. జర్మనీలో ఉండే మనవారు రెండక్షరాల విషయంలో కూడా చూసుకోవాలి. అక్కడ కారు నంబరు పలక మీద అక్షరాలను ఎంచుకోవచ్చు, చాలామంది తమ పొడి అక్షరాలే అడుగుతారు. కానీ ఎస్ ఎస్, ఎస్ ఎ వంటి జతలు నాజీల దళాల పేర్లు కాబట్టి ఇవ్వరు.

ఇంగ్లీషు అక్షరాలు చూసి ఊరుకుంటే కూడా చాలదు. పెళ్లి గిన్నెల మీద, ఇత్తడి బిందెల మీద మనం తెలుగులోనూ పేర్లు చెక్కిస్తాం. చోటు చాలక ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు మొదటి అక్షరం వేయమంటాం. పంచుమర్తి దివ్య ఇంగ్లీషులో పి డి, ఏ తప్పూ లేదు. తెలుగులో ‘పం.ది.’ అవుతుంది. కోనేరు తిరుపతమ్మ ‘కో.తి.’ అవుతుంది. చెక్కే యంత్రం పట్టుకున్న మనిషి ఆ చుక్కలను కూడా సరిగా పెట్టడు. ఇలాంటప్పుడు చిన్న గిన్నె అయినా సరే పూర్తి పేరే వేయించండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెడు అక్షరాలు వస్తే ఆయుష్షు తగ్గుతుందని కొందరు భయపెడతారు, అమెరికాలోనే రుజువైందని కూడా అంటారు. ఆ పరిశోధన ఒకటి 1999లో వచ్చిన మాట వాస్తవం. కాలిఫోర్నియా మరణ పత్రాలను చూసి చెడ్డ మాట వచ్చే పొడి అక్షరాలున్న మగవారు ముందుగా చనిపోతున్నారని అందులో రాశారు. 2005లో వేరే పరిశోధకులు పుట్టిన సంవత్సరాలను బట్టి మనుషులను వర్గాలుగా చేసి చూస్తే ఆ తేడా కనబడలేదు. కాబట్టి పేరు మార్పిస్తామని డబ్బు అడిగేవారి మాట వినకండి. బిడ్డకు వచ్చేది ఎగతాళి వల్ల కలిగే నొప్పే. దాన్ని ముందే తప్పించవచ్చు.

తప్పించడం కూడా కష్టం కాదు. నక్షత్రం ప్రకారం పెట్టేవారికి మొదటి అక్షరం ముందే ఖాయమైపోతుంది, ఇంటిపేరు మారదు. మన చేతిలో ఉన్నది రెండో పేరు ఒక్కటే. దాన్ని మార్చండి, లేదా మొదటి పేరుతో కలిపేయండి. అన్వి శ్రీ అని విడిగా కాక అన్విశ్రీ అని ఒకే మాటగా రాయిస్తే పొడి అక్షరాలు ఎ ఎస్ మాత్రమే. అయితే జనన ధ్రువపత్రంలో పేరు ఎక్కకముందే ఆ నిర్ణయం జరగాలి. మన దేశంలో పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయిస్తే చాలు, పేరు గడి ఖాళీగా ఉంచవచ్చు. 12 నెలల వరకు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. బారసాల నాటికే తొందరపడనక్కర్లేదు.

పేరు ఎక్కేసిన తరువాత మిగిలేది ఆర్డర్ దగ్గర జాగ్రత్త. కుట్టబోయే అక్షరాల బొమ్మను పంపమనండి. అది చూసి మీరు సరే అన్న తరువాతే పని మొదలుపెట్టాలని రాతపూర్వకంగా చెప్పండి. బొమ్మ ఆ వస్తువుకు వాడబోయే అక్షర రూపంలోనే ఉండాలి, ఎందుకంటే మెలికల అక్షరాల్లో ఐ చూస్తే జె లాగా ఉండవచ్చు, అప్పుడు లేని మాట పుడుతుంది. కుట్టిన తరువాత దిద్దుకోవడం దాదాపు కుదరదు. దారం విప్పితే గుడ్డ మీద సూది రంధ్రాలు మిగిలిపోతాయి. వెండి మీద లోతుగా చెక్కినదాన్ని పోగొట్టాలంటే అరగదీయాలి, ఆ చోట గిన్నె పలచబడుతుంది. వెండి పూత వస్తువైతే అరగదీస్తే లోపలి లోహం బయటపడుతుంది.

మాకు దుకాణం ఇవ్వజూపింది తరువాతి ఆర్డర్ మీద తగ్గింపు. మేము ఒప్పుకోలేదు. పేరు వేసిన వస్తువులను వెనక్కి తీసుకోబోమని వారి నియమాల్లో ఉంది. కానీ 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఒప్పుకున్న లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి అమ్మేవారు నిరాకరించకూడదు. అక్షరాల వరుస మారుతుందని పత్రంలో ఎక్కడా లేదు కాబట్టి అదే వాదనతో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాం. ఇదే చిక్కు ఎదురైనవారు ఆర్డర్ పత్రం స్క్రీన్‌షాట్‌ను, వచ్చిన వస్తువు ఫొటోను, దుకాణంతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలను ఒకచోట దాచుకోండి. ఫిర్యాదులో అవి జతచేయాల్సి ఉంటుంది.