వచ్చీరాగానే ఇల్లు తీసుకోవడమా, నెల రోజులు గదిలో ఉండడమా: ఏది మేలు?

బదిలీ మీద మా దగ్గరికి వచ్చిన మీకు అందరి తరఫునా స్వాగతం. పని సంగతులు రేపటి నుంచి ఎలాగూ ఉంటాయి. ఈ వారంలో మీరు తేల్చుకోవాల్సింది మాత్రం ఉండడం, తినడం గురించే. ఆ రెండూ వేరువేరుగా కనిపిస్తాయి గానీ, ఒకటి తప్పితే రెండోదీ తప్పుతుంది.

మీ ముందు రెండు దారులున్నాయి. చేరిన వారంలోనే ఇల్లు చూసి అగ్రిమెంటు రాసేసుకోవచ్చు. లేదా నెల రోజులు గెస్ట్‌హౌస్‌లోనో హాస్టల్‌లోనో ఉండి నిదానంగా వెతుక్కోవచ్చు. మొదటి దారిలో సామాను ఒక్కసారే దిగుతుంది, వంట వెంటనే మొదలవుతుంది. రెండో దారిలో రోజు లెక్కన అద్దె ఎక్కువ పడుతుంది, సామాను రెండుసార్లు మొయ్యాలి. అయినా ఒంటరిగా వచ్చినవారికి రెండోదే మేలని నా మాట. తొందరలో కుదుర్చుకున్న ఇల్లు నచ్చక గడువు లోపే ఖాళీ చేస్తే, అగ్రిమెంటును బట్టి ఒకటి రెండు నెలల అద్దె వదులుకోవాల్సి రావచ్చు. మళ్లీ సామాను బండి ఖర్చు, కొత్త ఇంటి అడ్వాన్సు. గదికి ఎక్కువ పెట్టిన నెల డబ్బు దీని ముందు చిన్నదే.

తొందరలో ఎక్కువగా మోసపోయేది దూరం దగ్గర. ఆఫీసు పక్కన ఇంటి అద్దె 100 అనుకోండి, దూరంగా ఉన్నదానికి 70. మిగిలింది 30 అనిపిస్తుంది. రాకపోకలకు 12 పోతే 18 మిగులుతుంది. ఇప్పుడు సమయం లెక్క వేయండి. ఒక్కో వైపు 45 నిమిషాలు ఎక్కువైతే రోజుకు గంటన్నర. నెలకు 22 పనిదినాలైతే 33 గంటలు, అంటే నాలుగు రోజుల ఉద్యోగమంత. అలసిపోయి ఇంటికి చేరాక వండే ఓపిక ఉండదు, బయట నుంచి తెప్పించుకుంటారు. ఆ 18 కూడా అక్కడే కరిగిపోతుంది. ఇంటివైపు దారి ఎంతసేపో సెలవు రోజున చూస్తే తెలియదు. పనిదినాన, ఆఫీసు వేళకు ఒకసారి వెళ్లి రండి.

ఈ నెలలో నచ్చిన ఇంటిని పగలొకసారి, రాత్రొకసారి చూడండి. వంటింటి కుళాయి తిప్పి, అలాగే ఉంచి స్నానాల గదిలోదీ తిప్పండి. మొదటిదాని ధార సన్నబడితే ఒత్తిడి చాలడం లేదన్నమాట. గోడ అడుగున రంగు ఉబ్బి తెల్లటి పొడి రాలుతుంటే చాలావరకు నేలలోంచి చెమ్మ పైకి పాకుతోంది. అది రంగు వేస్తే పోదు. పైకప్పు మూల మరకైతే వాన నీరో, పై అంతస్తు గొట్టమో అయి ఉండాలి. దాన్ని బాగుచేయించాకే చేరతానని చెప్పవచ్చు. గోడలో ఒక్క చోటే కొత్త రంగు కనిపిస్తే అక్కడ చెయ్యి ఆనించి చూడండి, ఎందుకు వేశారో అడగండి.

కుటుంబంతో వచ్చేవారికి నా సలహా తిరగబడుతుంది. పిల్లలను బడిలో చేర్చే గడువు దగ్గర పడితే రెండుసార్లు ఇల్లు మారడం భారమే. అప్పుడు నేరుగా ఇల్లే తీసుకోండి. కాకపోతే బడి ముందు తేల్చుకుని, దాని చుట్టూ ఇల్లు వెతకండి. ముందుగా ఖాళీ చేస్తే ఎంత కోత పడుతుందో అగ్రిమెంటులో అంకెతో సహా రాయించండి.

ఇక తిండి. మెస్సా, సొంత వంటా అంటే, గదిలో ఉన్న నెలకు మెస్సే నయం. అయితే నెల డబ్బు ఒక్కసారే కట్టకండి, మొదట వారానికే కట్టండి. మెస్సుకు బాగా జనం ఉండే వేళకు వెళ్లండి. అప్పుడు పాత్రలు త్వరత్వరగా ఖాళీ అయి, కొత్తగా వండినవి వస్తుంటాయి. చివర్లో వెళ్తే ఎప్పుడో వండి ఉంచినవే దొరుకుతాయి. వండిన పదార్థం గది వేడిలో రెండు గంటలు దాటి ఉంటే కడుపు చెడే ప్రమాదం పెరుగుతుంది. మళ్లీ వేడిచేసినా పూర్తిగా తగ్గదు, కొన్ని సూక్ష్మజీవుల విషం వేడికి లొంగదు. ఇంట్లోకి మారాక రోజుకు ఒక్క పూట వంటతో మొదలుపెట్టండి. దానికి ఒక పొయ్యి, రెండు గిన్నెలు, ఒక పెనం చాలు.

అగ్రిమెంటు సంతకం ముందు ఆ కాగితం తెచ్చి నాకు చూపించండి, కలిసి చదువుదాం. తాళాలు చేతికొచ్చిన రోజే, సామాను దింపక ముందు, గోడలన్నీ ఫోటో తీసి, కరెంటు మీటరు రీడింగు కూడా తీసి ఇంటి యజమానికి అదే రోజు పంపండి. వెళ్లేటప్పుడు అడ్వాన్సులోంచి ఏ పాత మరకకో డబ్బు కోస్తామంటే చూపడానికి మీ చేతిలో ఉండేది ఆ ఫోటోలే.