ఈవెంట్ ప్రకటనని క్యాప్షన్‌గా కుదించాలి: క్రమం అలాగే ఉంచాలా, వివరాలు ముందుకు తేవాలా?

సాహిత్య సభలూ వర్క్‌షాపులూ నడిపే మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. నిర్వాహకులు రెండు పేజీల ప్రకటన పంపుతారు, దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలి. ప్రకటన ఉన్న వరుసలోనే వాక్యాలు తగ్గించుకుంటూ రావడం ఒక దారి. తేదీ, వేదిక, రిజిస్ట్రేషన్ పైకి తెచ్చి మిగతాది కింద పెట్టడం ఇంకో దారి.

క్యాప్షన్‌లో 2,200 అక్షరాలు పడతాయి కాబట్టి చోటుకి కొదవ లేదు. ఇబ్బందల్లా ఫీడ్‌లో మొదట కనిపించేది సుమారు 125 అక్షరాలే కావడం. మిగతాది చదవాలంటే more నొక్కాలి. తెలుగులో గుణింతం గుర్తులూ వత్తులూ కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ హద్దు ఇంకా త్వరగా వచ్చేస్తుంది. రెండు దారుల్లో ఏది మేలో నా దృష్టిలో తేల్చేది ఇదే.

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్‌లో ఒకరోజు కథారచన వర్క్‌షాప్. 40 మందికే చోటు, రుసుము 300 రూపాయలు, భోజనం ఉంటుంది. ప్రకటన మొదటి పేరాలో తెలుగు కథ గొప్పతనం, రెండో పేరాలో శిక్షకుల పరిచయం, మూడో పేరాలో ఎప్పుడు, ఎక్కడ. నమోదు గడువు చివర్లో ఎక్కడో ఉంది. వరుస మార్చకుండా కుదిస్తే ఇలా మొదలవుతుంది:

"కథ రాయాలనే కోరిక మనలో చాలామందికి ఉంటుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతాం. అలాంటివారి కోసం..."

చదవడానికి హాయిగా ఉంది. కానీ 125 అక్షరాలు దాటేసరికి తేదీ కూడా రాలేదు. వివరాలు ముందు పెడితే:

"కథారచన వర్క్‌షాప్ · నవంబరు 15, ఆదివారం, ఉ. 10–సా. 4 · దొడ్డి కొమరయ్య హాలు, సుందరయ్య విజ్ఞాన కేంద్రం · పేరు నమోదు 10 వరకు"

ఇది 120 అక్షరాలు. ఖాతా పేరు కూడా అదే వరుసలో కూర్చుంటుంది కాబట్టి కొన్ని ఫోన్లలో చివరి ముక్క తెగవచ్చు. అందుకే కేంద్రం ఉన్న ప్రాంతం బాగ్‌లింగంపల్లి అన్న మాటని రెండో వరుసకి పంపాను. హాలు పేరు మాత్రం తీయలేదు. ఆ భవనంలో ఒకటికి మించి హాళ్లున్నాయి, కేంద్రం పేరొక్కటే రాస్తే వచ్చినవాళ్లు గేటు దగ్గర వాకబు చేయాల్సి వస్తుంది. కుదింపులో ముందుగా ఎగిరిపోయేది ఇలాంటి మాటే.

దానికంటే ప్రమాదం రెండు తేదీలు ఉన్నప్పుడు. కార్యక్రమం 15న, నమోదు 10 వరకు. వాక్యాలు కలిపే తొందరలో ఒకటి జారిపోతుంది, లేదా "15 లోపు నమోదు చేసుకోండి" అని అతుక్కుపోతుంది. కుదించాక అసలు ప్రకటన పక్కన పెట్టుకుని అంకెలన్నీ ఒక్కొక్కటిగా సరిచూడాలి. క్యాలెండర్ తీసి 2026 నవంబరు 15 ఆదివారమేనా అని కూడా చూడాలి. తేదీకీ వారానికీ పొత్తు కుదరకపోతే నిర్వాహకులని అడగాల్సిందే, మనమే ఒకటి ఎంచుకోకూడదు.

రిజిస్ట్రేషన్ లింక్ సంగతి వేరు. క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు. పొడుగాటి ఫారం చిరునామాని చూసి ఎవరూ టైప్ చేయరు. లింక్‌ని బయోలో పెట్టి, దానికి "కథారచన వర్క్‌షాప్" అనే పేరే ఇచ్చి, క్యాప్షన్ రెండో వరుసలో "వేదిక బాగ్‌లింగంపల్లిలో. బయోలో 'కథారచన వర్క్‌షాప్' లింక్ నొక్కండి. రుసుము రూ. 300, భోజనం సహా. 40 మందికే" అని రాయాలి. వట్టి "లింక్ బయోలో" అంటే, వచ్చే వారం ఇంకో కార్యక్రమం లింక్ చేరాక చదివేవాళ్లు తికమకపడతారు. నమోదు ముగిసేదాకా ఆ లింక్ తీయకూడదు.

వివరాలన్నీ పోస్టర్‌లో ఉన్నాయి కదా, క్యాప్షన్‌లో ఒక్క మాట చాలు అనేవాళ్లూ ఉన్నారు. చూపు లేనివారి ఫోన్ క్యాప్షన్ చదివినంత నమ్మకంగా బొమ్మలోని అక్షరాలని చదవదు. వేదిక మారితే క్యాప్షన్ దిద్దొచ్చు గానీ, పోస్ట్ చేసిన బొమ్మని మార్చలేం. ఆ దారి వద్దు.

ప్రకటన వరుసే మేలయ్యే సందర్భం లేకపోలేదు. ప్రవేశం ఉచితం, నమోదు అక్కర్లేదు, వక్త కొత్తవారు అయినప్పుడు, ఎందుకు రావాలో ముందు చెప్పడమే న్యాయం. అప్పుడు కూడా తేదీ మొదటి వాక్యంలోనే ఇమడాలి: "నవంబరు 15 ఆదివారం, కథ మొదలుపెట్టలేక ఆగిపోయినవాళ్ల కోసం ఒక రోజు." సీట్లూ గడువూ ఉన్న కార్యక్రమానికి మాత్రం నేను వివరాలతోనే మొదలుపెడతాను. శిక్షకుల పరిచయం రెండు వాక్యాలకి తగ్గించి రిజిస్ట్రేషన్ వరుస కింద పెడతాను, తెలుగు కథ గొప్పతనం పేరాని పూర్తిగా వదిలేస్తాను.