దీపావళి జాకెట్లు కుట్టించుకునేవారికి జాగ్రత్త: టైలరు పంపే గడువు తేదీల ఉత్తరాన్ని చివరి వాక్యం దాకా చదవండి

హైదరాబాదులో మా కాలనీకి దగ్గరగా ఉన్న ఒక లేడీస్ టైలరు దుకాణానికి నేను చాలా ఏళ్లుగా బట్టలు ఇస్తున్నాను. దసరాకు ముందు ఆ దుకాణం నుండి పాత ఖాతాదారులందరికీ ఒక ఉత్తరం వచ్చింది. ఇప్పుడు దీపావళికి, ఆ వెంటనే వచ్చే కార్తీక మాసపు పెళ్లిళ్లకు అదే ఉత్తరం తేదీలు మాత్రం మార్చి మళ్లీ పంపుతున్నారు. ఇటువంటి ఉత్తరాలు పండుగల సమయంలో చాలా దుకాణాలు పంపుతాయి కాబట్టి, దానిలో ఏమి రాసి ఉంటుందో, అమలులో అది ఎలా మారుతుందో తోటి కొనుగోలుదారులకు తెలియాలని దుకాణం పేరు చెప్పకుండానే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

దసరా ఉత్తరం సారాంశం ఇది. సెప్టెంబరు 7వ తేదీ లోపు ఇచ్చిన ఆర్డర్లను మామూలు రేట్లకే కుట్టి 24వ తేదీ నాటికి ఇస్తారు. 8 నుండి 17 వరకు ఇచ్చిన వాటికి కుట్టుకూలిలో సగం అదనంగా తీసుకుంటారు. 18 నుండి 25 వరకు ఇచ్చిన వాటికి రెట్టింపు అవుతుంది. ఆ తరువాత పండుగ ఆర్డర్లు తీసుకోరు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. పండుగకు ముందు పని ఒత్తిడి ఎంత ఉంటుందో అందరికీ తెలుసు, ఆలస్యంగా వచ్చినవారు ఎక్కువ ఇవ్వడం న్యాయమే. అయితే ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో మరో రెండు వాక్యాలున్నాయి. పూర్తి మెటీరియల్ అందిన తేదీనే ఆర్డరు తేదీగా పరిగణిస్తారన్నది ఒకటి, అర్జెంటు చార్జీ ఏ పరిస్థితిలోనూ వాపసు ఇవ్వరన్నది రెండవది. నా ఇబ్బంది అంతా ఆ రెండు వాక్యాలలోనే ఉంది.

నేను సెప్టెంబరు 1వ తేదీనే, అంటే గడువుకు బాగా ముందుగా, రెండు లైనింగు జాకెట్లు, మా అమ్మాయికి ఒక లంగా, దాని మీదికి జాకెట్టు ఇచ్చాను. జాకెట్టుకు 700 చొప్పున 1,400 రూపాయలు, లంగా జాకెట్టు కలిపి 1,800, మొత్తం 3,200. అందులో సగం, అంటే 1,600, అడ్వాన్సుగా కట్టాను. ఆది జాకెట్లు కూడా ఆ రోజే ఇచ్చాను. లైనింగు బట్ట మేము తెచ్చి ఇస్తామంటే, రంగు కలిసేది తామే చూసి వేస్తామని దుకాణంవారే అన్నారు.

24వ తేదీన వెళితే మూటకట్టిన బట్ట మూటకట్టినట్టే అరలో ఉంది. కత్తెర కూడా పడలేదు. అడిగితే మాస్టర్ చెప్పిన సమాధానం ఇది: “మేడమ్, మీ జాకెట్లకు కలిసే లైనింగు మాకు 9వ తేదీన దొరికింది, కాబట్టి అవి సగం అదనం కిందికి వస్తాయి. ఇప్పుడు కావాలంటే లంగా సెట్టును అర్జెంటులోకి మార్చండి, 29కి ఇస్తాను.” లైనింగు తామే తెస్తామని చెప్పి, తాము తెచ్చిన తేదీని నా ఆర్డరు తేదీగా లెక్కించడం ఎంత అన్యాయమో చెప్పి చూశాను. 30వ తేదీ సద్దుల బతుకమ్మ. అమ్మాయి లంగా కోసం ఇంకెక్కడికైనా వెళదామంటే అప్పటికి మా చుట్టుపక్కల ఏ టైలరూ కొత్త బట్ట తీసుకోవడం లేదు. చివరికి లంగా సెట్టుకు మాత్రం రెట్టింపు కట్టాను. 1,800 రూపాయల పనికి 3,600 అయింది.

ముందుగా ఇచ్చిన బట్ట వెనక్కి ఎందుకు పోయిందో ఆ తరువాత తెలిసింది. కుట్టే కారిగర్లకు నెల జీతం ఉండదు, ముక్కకు ఇంత అని కూలి ఉంటుంది. అర్జెంటు ముక్కకు దుకాణం కొంత ఎక్కువ కూలి ఇస్తుంది కాబట్టి అందరూ దానినే ముందు చేతిలోకి తీసుకుంటారు. మామూలు రేటుకు ఇచ్చిన మన బట్ట, ఎంత ముందు ఇచ్చినా, ప్రతి కొత్త అర్జెంటు ఆర్డరు వెనక్కు జరుగుతూ పోతుంది. పైగా పండుగకు సొంత ఊళ్లకు వెళ్లే కారిగర్లు నాలుగైదు రోజుల ముందే బయలుదేరుతారు. మిషను మీద కుట్టడం అయిపోయినా హుక్సులు, కాజాలు, హెమ్మింగు వంటి చేతిపని ఇళ్లలో ఉండే ఆడవాళ్లకు పంపిస్తారు, అక్కడ మరో రోజో రెండు రోజులో పడుతుంది. అందుచేత “కుట్టడం అయిపోయింది, హుక్సులే మిగిలాయి” అన్న మాట విని రేపు వస్తుందని అనుకోకూడదు.

దుకాణం తన శక్తికి మించి ఆర్డర్లు తీసుకుందా లేదా అన్నది బిల్లు నంబర్లను బట్టి మనమే అంచనా వేసుకోవచ్చు. సెప్టెంబరు 1న నా బిల్లు నంబరు 412. మా పక్కింటి అక్క 20వ తేదీన ఇచ్చిన ఆర్డరు నంబరు 640. అంటే మధ్యలో 228 బిల్లులు రాశారు. బిల్లుకు రెండు ముక్కల చొప్పున చూసినా 450 దాటుతాయి. ఆ దుకాణంలో ఉన్నవి మూడు మిషన్లు. లైనింగు జాకెట్లయితే ఒక కారిగరు రోజుకు నాలుగైదు కంటే ఎక్కువ శుభ్రంగా కుట్టలేడు. ముగ్గురూ ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా కుట్టినా ఇరవై రోజులకు మూడు వందలు దాటవు. ఉత్తరంలో గడువు తేదీలు పెట్టడం వల్ల ప్రయోజనం ఉండాలంటే ఆ మూడు వందలు నిండగానే ఆర్డర్లు ఆపాలి. ఇక్కడ తేదీని బట్టి రేటు పెంచారే గాని, ఆర్డర్లు తీసుకోవడం ఆపలేదు.

ఇక రెట్టింపు కట్టిన లంగా సెట్టు సంగతి. అది 29వ తేదీ రాత్రి చేతికి వచ్చింది, మామూలుగా ఉండే ట్రయల్ లేకుండానే. జాకెట్టు చంకల దగ్గర బిగుసుకుపోయి అమ్మాయి చేతులు పైకెత్తలేకపోయింది. బతుకమ్మ ఆడే పిల్లకు అది ఎంత ఇబ్బందో వేరే చెప్పాలా? కుట్లు విప్పి కొంచెం వదులు చేద్దామని లోపలికి తిప్పి చూస్తే, పక్క కుట్టు దగ్గర మామూలుగా వదిలే అంగుళం బట్ట లేదు, పావు అంగుళం కూడా సరిగా లేదు. విప్పడానికి వీలే లేకుండా కత్తిరించారు. లైనింగును వేళ్ల మధ్య నలిపి చూస్తే గంజి గరగర ఇంకా పోలేదు. అంటే తడపకుండా, ఆరబెట్టకుండా కొత్త బట్టను నేరుగా వేసి కుట్టేశారు. నూలు లైనింగును ముందుగా నీళ్లలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే లోపలి బట్ట కుంచించుకుపోయి, పై బట్ట ముడతలు పడి, భుజాలు పైకి లాక్కుపోతాయి. అర్జెంటు పనిలో ముందుగా వదిలేసేవి ఈ రెండే, తడపడం, ట్రయల్. మనం ఎక్కువ కట్టిన డబ్బుకు తేదీ మాత్రమే వస్తుంది, పని మాత్రం మామూలు కంటే తక్కువ వస్తుంది. ఆ జాకెట్టు సరిచేయడానికి ఆల్టరేషను చార్జీ 150 అడిగారు, అది కూడా పండుగ వెళ్లాక చూద్దామన్నారు.

నా రెండు జాకెట్లు దసరా అయిపోయిన తరువాత, అక్టోబరు 6న ఇచ్చారు. అప్పుడు కూడా లైనింగు తేదీ చూపించి జాకెట్టుకు 350 చొప్పున 700 అదనం అడిగారు. బిల్లు మీద సెప్టెంబరు 1వ తేదీ, “లైనింగు షాపుది” అన్న మాట వారి చేతిరాతతోనే ఉండడంతో ఆ 700 వదులుకున్నారు. లంగా సెట్టు మీద తీసుకున్న 1,800 మాత్రం వాపసు ఇవ్వరన్న వాక్యం చూపించి ఇవ్వలేదు.

ఇందువల్ల, ఇప్పుడు దీపావళికి బట్ట ఇచ్చేవారు బిల్లు రాసేటప్పుడే లైనింగు ఎవరిది, ఆర్డరు తేదీ ఏది, ట్రయల్ ఉందా లేదా అన్నవి రాయించుకోండి. అర్జెంటు చార్జీ కడుతుంటే దానిని కుట్టుకూలి నుండి వేరుగా చూపించమనండి, చెప్పిన తేదీకి ఇవ్వకపోతే ఆ అదనపు మొత్తం తగ్గిస్తామని ఒక్క వాక్యం రాయమని అడగండి. దీనికి ఒప్పుకోని దుకాణానికి ఆ తేదీకి ఇవ్వగలమన్న నమ్మకం తనకే లేదని నా అభిప్రాయం. బిల్లు ఇవ్వకుండా తెల్లకాగితం ముక్క మీద నంబరు రాసి ఇస్తే ఒప్పుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వస్తుంది. చెప్పిన గడువుకు పని చేసి ఇవ్వకపోవడాన్ని సేవాలోపంగా చూపించి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు అయితే ఫిర్యాదుకు రుసుము ఉండదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. అంతదాకా వెళ్లడానికి ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నా 1,800 గురించి నేను అదే చేశాను.

ఇప్పటికే బట్ట ఇచ్చేసినవారు ఒక్క పని తప్పక చేయండి. డెలివరీ తేదీ దాకా ఆగకండి, ఈ వారంలోనే దుకాణానికి వెళ్లి మీ బట్టకు కత్తెర పడిందో లేదో కళ్లతో చూడండి. ఫోను చేస్తే కట్ అయిపోయిందనే చెబుతారు. కత్తిరించి ఉంటే ట్రయల్ ఏ రోజో అడిగి బిల్లు మీద రాయించండి. కత్తిరించకపోతే బట్ట ఇంకా పూర్తిగా మీదే, కుట్టని పనికి కట్టిన అడ్వాన్సుతో సహా వెనక్కు అడిగి వేరే చోట ఇవ్వవచ్చు. అయితే ఈ 2025లో అక్టోబరు 20న దీపావళి కాబట్టి, మిగతా టైలర్లు 12వ తేదీ దాటాక కొత్త ఆర్డర్లు ముట్టుకోరు. ఆ లోపే వెళ్లండి.