పెళ్ళికి ఒకే రకం బట్టలు కుట్టిస్తున్నారా? మీటర్ల లెక్క దగ్గర జాగ్రత్త

పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు ఈ మధ్య ఏ పెళ్ళి చూసినా మగవాళ్ళందరికీ ఒకే రంగు చొక్కాలు, ఒకే రంగు ప్యాంట్లు కుట్టించడం మామూలైపోయింది. దానికి తగ్గట్టే "గుడ్డ మాదే, కుట్టు మాదే, మీరు కొలతలిస్తే చాలు" అనే షాపులు కూడా పెరిగాయి. మా ఇంట్లో పెళ్ళికి అలాంటి ఒక షాపులో ఐదుగురికి కుట్టించారు. బిల్లు 15,500 రూపాయలు. ఆ బిల్లును విడదీసి చూస్తే న్యాయంగా 11,000 లోపే అవ్వాల్సిన పని అని తేలింది. షాపు పేరు రాయను. ఈ పద్ధతి ఆ ఒక్క షాపులోనే ఉందని కూడా అనను. మోసం ఎక్కడ జరుగుతుందో తెలిస్తే ఏ షాపులోనైనా పట్టుకోవచ్చు.

ఎక్కువ మంది మీటరు ధర దగ్గర బేరమాడతారు. 380 అంటే 350కి ఇవ్వమంటారు. షాపాయన కాసేపు నసిగి పది రూపాయలు తగ్గిస్తాడు, మనకు గెలిచినట్టుంటుంది. అసలు డబ్బు పోయేది ధరలో కాదు, ఎన్ని మీటర్లు కోశారన్న దాంట్లో. అది తెలియాలంటే ముందు పన్నా చూడాలి. తానును అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కొలిస్తే వచ్చేదే పన్నా. చొక్కా గుడ్డలు 36 అంగుళాల పన్నాలోనూ ఉంటాయి, 44లోనూ, 58లోనూ ఉంటాయి. "చొక్కాకి రెండున్నర మీటర్లు" అని మన పెద్దవాళ్ళు చెప్పే లెక్క 36 పన్నాది. ఇప్పుడు షాపుల్లో దొరికే చొక్కా గుడ్డల్లో చాలావరకు 58 పన్నావే. వీటికి కూడా పాత లెక్కే కోసి ఇస్తే దాదాపు మీటరు గుడ్డకు అదనంగా డబ్బు కట్టినట్టే.

ఎందుకో చెబుతాను. 40 సైజు మనిషి ఫుల్ హ్యాండ్ చొక్కాకి, వదులూ కుట్టు మార్జినూ గుండీల పట్టీ అన్నీ కలిపి, ఒంటి చుట్టూ సుమారు 52 అంగుళాల గుడ్డ కావాలి. 58 పన్నాలో ముందు భాగాలు రెండూ, వెనక భాగమూ పక్కపక్కనే పట్టేస్తాయి. అంటే ఒక చొక్కా పొడవు గుడ్డ చాలు. దాని కింద చేతులు రెండూ పక్కపక్కన పడతాయి, దానికి ఒక చెయ్యి పొడవు. చేతుల పక్కన మిగిలే పట్టీలో కాలరు, కఫ్‌లు, జేబు వచ్చేస్తాయి. మా బావగారి చొక్కా పొడవు 29 అంగుళాలు, చెయ్యి ఇరవై నాలుగున్నర. మడతలకూ కుట్లకూ ఇంకో నాలుగు కలిపితే ఏభై ఏడున్నర అంగుళాలు, అంటే ఒకటిన్నర మీటరు కూడా కాదు. అటూ ఇటూ చూసుకుని 1.6 మీటర్లు తీసుకుంటే హాయిగా సరిపోతుంది. అదే 36 పన్నా అయితే ముందు భాగానికి ఒక పొడవు, వెనక భాగానికి ఇంకో పొడవు, చేతులకు మళ్ళీ వేరే పొడవు కావాలి. రెండుంపావు, రెండున్నర అయ్యేది అందుకే.

ప్యాంటుదీ ఇదే లెక్క. 58 పన్నాలో ముందు వెనక ముక్కలు నాలుగూ పక్కపక్కన వస్తాయి కాబట్టి ప్యాంటు పొడవుకు మరో నాలుగైదు అంగుళాలు కలిపితే సరిపోతుంది. 40 అంగుళాల పొడవుకి 1.2 నుంచి 1.25 మీటర్లు చాలు. సీటు బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి 1.4 దాకా వెళ్తుంది.

ఇక మా బిల్లు. చొక్కాకి 2.5 మీటర్ల చొప్పున ఐదుగురికి 12.5 మీటర్లు, మీటరు 380, మొత్తం 4,750. ప్యాంటుకి 1.5 చొప్పున 7.5 మీటర్లు, మీటరు 520, మొత్తం 3,900. తాను అంచు మీద 58 అని అచ్చు స్పష్టంగా ఉంది. ఐదుగురిలో నలుగురు మామూలు సైజే. మావయ్యగారు ఒక్కరికే పొట్ట. ఆయన ఛాతీకి ముందు భాగాలూ వెనక భాగమూ పక్కపక్కన ఇరుకుగా పడతాయి కాబట్టి ఆయన చొక్కాకి 1.8 వేసుకుందాం. నలుగురికి 1.6 చొప్పున 6.4, ఆయనది కలిపితే 8.2 మీటర్లు, 3,116 రూపాయలు. ప్యాంట్లకి నలుగురికి 1.25 చొప్పున 5, ఆయనకి 1.4, మొత్తం 6.4 మీటర్లు, 3,328 రూపాయలు. గుడ్డ ఒక్కదాంట్లోనే 2,206 రూపాయలు ఎక్కువ. నేను వేసింది కూడా పిసినారి లెక్కేమీ కాదు. ఒకే గుడ్డలో ఐదు చొక్కాలు కలిపి కత్తిరిస్తే ఒకదాని సందులో ఇంకోదాని ముక్క పడుతుంది, ఇంకా కొంచెం కలిసొస్తుంది. మా వీధి టైలర్ ఐదు చొక్కాలూ ఎనిమిది మీటర్లలో తీసేస్తానన్నాడు.

మిగిలిన గుడ్డ ఏదండీ అని అడిగితే "ముక్కలే మిగిలాయి, పారేశాం" అన్నారు. నాలుగు మీటర్ల పైన చొక్కా గుడ్డ ముక్కలుగా మిగలదు. అందులో ఇంకో రెండు చొక్కాలు ఇట్టే వస్తాయి. గట్టిగా అడిగితే మూడు కారణాలు చెప్పారు. మీకూ ఇవే చెబుతారు కాబట్టి వరసగా చూద్దాం.

మొదటిది, గళ్ళు కలపాలి అన్నారు. నిజంగా పెద్ద గళ్ళ గుడ్డ అయితే జేబు దగ్గర, ముందు పట్టీ దగ్గర గళ్ళు కలవడానికి పది, ఇరవై సెంటీమీటర్లు అదనంగా కావాలి. ఒకే వైపుకు తిరిగిన ప్రింటుకీ అంతే. మావి సాదా చొక్కాలు, కలపడానికి గీత కూడా లేదు. రెండోది, పొడుగు మనుషులు అన్నారు. చొక్కా పొడవు రెండు అంగుళాలు, చెయ్యి ఒక అంగుళం పెరిగితే గుడ్డ మూడు అంగుళాలు పెరుగుతుంది, అంటే ఎనిమిది సెంటీమీటర్లు. ఎంత పొడుగు మనిషైనా తొంభై సెంటీమీటర్లు తినడు.

మూడోది కొంచెం తెలివైన మాట. కాటన్ కదండీ, తడిపితే కుంచించుకుపోతుంది అన్నారు. ఇది అబద్ధం కాదు. కాటన్, లినెన్ మొదటి తడికి నూటికి మూడు నుంచి అయిదు వంతులు తగ్గడం మామూలే. అయితే 1.6 మీటర్లలో అయిదు వంతులంటే మళ్ళీ ఎనిమిది సెంటీమీటర్లే. పైగా వాళ్ళు నిజంగా తడిపి కుట్టారా అన్నది మొదటి ఉతుకులో బయటపడింది. బావగారి చెయ్యి పొడవు అంగుళం తగ్గి మణికట్టు పైకి వెళ్ళింది. ముందే తడిపి ఆరబెట్టిన గుడ్డ కుట్టాక అంత తగ్గదు. తడపని గుడ్డకు మిల్లు గంజి అలాగే ఉండి, చేత్తో నలిపితే కాగితంలా చప్పుడు చేస్తుంది. ట్రయల్‌కి వెళ్ళినప్పుడే అలా నలిపి చూడండి. మీరే గుడ్డ కొని ఇస్తే ఒక రాత్రి మంచినీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి ఇవ్వండి.

ఇప్పుడు కుట్టుకూలి. బిల్లులో జతకి 1,100 చొప్పున 5,500, 'మెటీరియల్' అని జతకి 120 చొప్పున 600, 'అర్జెంట్' అని జతకి 150 చొప్పున 750. మొత్తం 6,850. అదే ఊళ్ళో మరో ఇద్దరు టైలర్లను అడిగితే ఇద్దరూ కొంచెం అటూ ఇటూగా చొక్కా 400, ప్యాంటు 500 అన్నారు. కాలరు కాన్వాసు, గుండీలు, జిప్పు, జేబు గుడ్డ అన్నీ అందులోనే. ఆ లెక్కన ఐదు జతలకు 4,500. మీ ఊళ్ళో రేటు వేరే ఉండొచ్చు, పెద్ద షాపుకి పని శుభ్రంగా ఉంటే జతకి వందో రెండొందలో ఎక్కువిచ్చినా నేను తప్పుపట్టను. అయితే ఎక్కువ కూలి తీసుకున్నవాడు గుండీలకూ దారానికీ మళ్ళీ విడిగా రాయకూడదు. అర్జెంట్ సంగతి ఇంకా విడ్డూరం. కొలతలు ఇచ్చి నెల దాటింది, డెలివరీ తేదీ కూడా వాళ్ళే రాసుకున్నారు. సంక్రాంతి ముందు వెళ్ళి నాలుగు రోజుల్లో కావాలంటే అర్జెంట్ అడగడం న్యాయమే, రాత్రిళ్ళు కూర్చుని కుడతారు పాపం. నెల టైమిచ్చిన పనికి అర్జెంట్ ఏమిటి?

బిల్లూ, పక్కనే మా లెక్కా రాసుకుని వెళ్ళి కౌంటర్ మీద పెట్టాం. కేకలేమీ లేవు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు మాత్రం ఒకసారి గుర్తుచేశాం. కాసేపటికి 'పారేసిన' ముక్కల్లోంచి రెండు మీటర్ల పైచిలుకు చొక్కా గుడ్డ లోపలి నుంచి వచ్చింది, అర్జెంట్ డబ్బులు 750 వెనక్కి ఇచ్చారు. మిగతాది రాలేదు. 2.5 మీటర్లకు మనవాళ్ళే సరేనని సంతకం పెట్టారు కదా అన్నది వాళ్ళ వాదన. అందులో కొంత నిజం ఉంది కాబట్టే అసలు జాగ్రత్త ఆర్డరు ఇచ్చేటప్పుడే పడాలి.

ఆర్డరు కాగితం మీద పన్నా ఎంత, ఒక్కొక్కరికి ఎన్ని మీటర్లు, మీటరు ఎంత అన్నది విడివిడిగా రాయించండి. 'జత ఇంత' అని ఒకే అంకె వేస్తే ఒప్పుకోవద్దు, అందులో ఏం దాచినా కనపడదు. కూలిలో గుండీలు, కాన్వాసు, జిప్పు కలిపేనా అన్నది ఒక ముక్క, మిగిలిన గుడ్డ తిరిగి ఇవ్వాలి అన్నది ఇంకో ముక్క అందులోనే రాయించండి. ఈ రెండో మాట రాయమనగానే రెండున్నర కాస్తా రెండుకు దిగడం తర్వాత వేరే చోట నేను కళ్ళారా చూశాను. గుడ్డ కోసేటప్పుడు ఎదురుగా నిలబడండి, మీటరు కర్ర మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. అందరికీ ఒకేసారి కుట్టనివ్వకుండా ముందు ఒకరి జత కుట్టించి, ఉతికి, వేసి చూశాక మిగతావి మొదలుపెట్టమనండి. కొలతలకు మనిషి రాలేకపోతే సరిగ్గా సరిపోయే ఆది చొక్కా పంపండి, ఫోన్లో చెప్పిన అంకెలు నమ్మొద్దు.

ఐదారు జతలు దాటితే గుడ్డ ద్వారపూడిలోనో, రాజమండ్రి తాడితోటలోనో కొని మీ టైలర్‌కి ఇవ్వడం మంచిది. కానీ వెళ్ళేముందు టైలర్‌నే కూర్చోబెట్టి 44 పన్నాకి ఎంత, 58కి ఎంత అని రెండు లెక్కలూ రాయించుకుని వెళ్ళండి. అక్కడ 44 పన్నా గుడ్డ మీటరు చవగ్గా కనిపిస్తుంది. చొక్కాకి 1.6 బదులు రెండు, రెండుంపావు మీటర్లు పడుతుంది కాబట్టి 58 పన్నా 380 అయితే 44 పన్నా 270కో అంతకంటే తక్కువకో వస్తేనే మీకు ఖాయంగా లాభం.