ఉమ్మడి కొటేషన్: ఒకరి సంతకమా, ముగ్గురి సంతకాలా?

హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి వెబ్‌సైట్ కావాలి. డిజైనర్, డెవలపర్, కంటెంట్ రైటర్, ముగ్గురు ఫ్రీలాన్సర్లు కలిసి 6 లక్షలకు కొటేషన్ వేస్తున్నారనుకుందాం. ఒప్పందం ఎవరి పేరున ఉండాలి?

ముగ్గురూ సంతకం పెడితే గొడవే ఉండదనిపిస్తుంది. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం, వేరేగా రాసుకోకపోతే, కలిసి మాటిచ్చినవాళ్లలో ఏ ఒక్కరినైనా పట్టుకుని మొత్తం పని అడిగే హక్కు క్లయింటుకు ఉంటుంది. డెవలపర్ మధ్యలో తప్పుకుంటే, 1.2 లక్షల వాటా ఉన్న రైటర్ కూడా మొత్తం వెబ్‌సైట్‌కి జవాబు చెప్పాల్సి రావచ్చు. 'ఎవరి పనికి వాళ్లే బాధ్యులు' అని ముగ్గురూ తమలో తాము రాసుకున్న కాగితం తర్వాత ఒకరి దగ్గర ఒకరు వసూలు చేసుకోడానికే పనికొస్తుంది, క్లయింటును ఆపదు. ఆ మాట క్లయింటు సంతకం చేసే ఒప్పందంలోనే ఉండాలి.

లీడ్‌గా ఒక్కరే సంతకం పెడితే మిగతా ఇద్దరికీ ఆ భయం లేదు. భారమంతా లీడ్ మీదికొస్తుంది. మన ఉదాహరణలో డెవలపరే లీడ్. సమన్వయానికి 40 వేలు, పనికి 2.8 లక్షలు, మొత్తం 3.2 లక్షలు అతనివి. డిజైనర్‌కి 1.6, రైటర్‌కి 1.2 లక్షలు. క్లయింటు 10 శాతం టీడీఎస్ కోస్తే ఖాతాలో పడేది 5.4 లక్షలు. ఇద్దరికీ 2.8 ఇచ్చేశాక చేతిలో మిగిలేది 2.6. కోసిన 60 వేలు తన పాన్ మీదే ఉంటాయి, రిటర్న్ వేసినప్పుడే లెక్కకొస్తాయి. వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపే పద్ధతిలో ఉంటే ఇంకో దెబ్బ: 3.2లో సగం 1.6 కాకుండా, 6లో సగం 3 లక్షలు చూపాలి. జీఎస్టీ 20 లక్షల పరిమితి లెక్కలోకి కూడా మొత్తం బిల్లు చేరుతుంది. నన్నడిగితే ఆ 40 వేలు చాలా తక్కువ.

ముగ్గురూ విడివిడిగా బిల్లులు వేస్తే పన్ను తేలికే. కానీ వెబ్‌సైట్‌లో ఫారం పనిచేయకపోతే డిజైన్ తప్పా, కోడ్ తప్పా అన్నది తేల్చేవాళ్లుండరు. క్లయింటుకు అదే టెన్షన్.

ఇంత చూశాక కూడా, ఈ సైజు పనికి లీడ్ పద్ధతికే నా ఓటు. అయితే కొటేషన్ పంపకముందే ముగ్గురూ కాగితం రాసుకోవాలి. క్లయింటు డబ్బు వచ్చిన 7 రోజుల్లో, వచ్చిన వాయిదా నిష్పత్తిలోనే పంచాలి. అసలు రాకపోతే లీడ్ సొంత జేబులోంచి ఇవ్వాలా వద్దా అన్నది కూడా తేల్చాలి. ఇది రాయకుండా వదిలేస్తేనే స్నేహాలు చెడతాయి. తప్పు ఎవరి పనిలో ఉంటే వాళ్లు ఉచితంగా సరిచేయాలి. బేరంలో క్లయింటు 6 లక్షలను 5.1కి దించితే, ఏ పేజీలో కోత పడితే ఆ పని చేసేవాళ్లకే తగ్గాలి. పని తగ్గకుండా ధరే తగ్గితే, సమన్వయం 40 వేలతో సహా అందరికీ 15 శాతం కోయాలి.